ఆరు గేట్ల పనితనం

టీటీఎల్ చిప్‌ల వరుసలో 7474, 7475 పక్కపక్క ఇళ్లు. రెండూ చేసేది ఒకటే పని: ఒక బిట్‌ను గుర్తుంచుకోవడం. 7475లో నాలుగు లాచ్‌లు ఉంటాయి, 7474లో రెండు ఫ్లిప్-ఫ్లాప్‌లు. డేటాషీట్లు పక్కపక్కన పెట్టుకుని పట్టికలు చూస్తే తేడా ఒక్క గడిలోనే కనిపిస్తుంది. 7475లో ఎనేబుల్ కింద ‘హై’ అని ఉంటుంది, 7474లో క్లాక్ కింద పైకి చూసే చిన్న బాణం ఉంటుంది. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చిపోయే ఆ బాణం వెనక ఎంత నేర్పు దాగుందో ఒకసారి లోపలికి తొంగి చూడాలి.

ముందు లాచ్ సంగతి. రెండు గేట్లను తీసుకుని ఒకదాని అవుట్‌పుట్‌ను రెండోదాని ఇన్‌పుట్‌కు, రెండోదాని అవుట్‌పుట్‌ను మొదటిదానికి కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి. ఇది పాత ఆలోచనే. బ్రిటన్‌లో ఎక్లెస్, జోర్డాన్ 1918లో రెండు వాక్యూమ్ ట్యూబులతో ఇలాంటి జంటకు పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. ఈ జంట ముందు ఇంకో రెండు గేట్లు కాపలా పెడితే డి-లాచ్ తయారవుతుంది. ఎనేబుల్ హైలో ఉన్నంతసేపూ డి దగ్గర ఏముంటే క్యూ దగ్గర అదే కనిపిస్తుంది. డి మారితే క్యూ మారుతుంది, మళ్లీ మారితే మళ్లీ మారుతుంది. ఎనేబుల్ కిందికి దిగిన క్షణంలో ఉన్న విలువ అలాగే ఉండిపోతుంది. తెరిచి ఉన్నప్పుడు లాచ్‌ను ‘ట్రాన్స్‌పరెంట్’ అనేది అందుకే. అప్పుడది దాదాపు ఒట్టి తీగే.

బయటి నుంచి వచ్చే డేటాను పట్టుకోవడానికి అది చాలు. చిక్కంతా లాచ్ తన అవుట్‌పుట్‌ను తానే ఇన్‌పుట్‌గా తీసుకోవలసి వచ్చినప్పుడు. కౌంటర్ చేసేది సరిగ్గా అదే పని. ఇప్పుడున్న అంకెను చూసి తర్వాతి అంకెను తయారు చేసి, దాన్ని మళ్లీ తనలోనే దాచుకోవాలి. అన్నిటికన్నా చిన్న కౌంటర్ తీసుకుందాం: 0, 1, 0, 1. క్యూ విలోమాన్ని తీసుకెళ్లి డి కి కలిపితే సరిపోవాలి. లాచ్‌తో చేస్తే ఏమవుతుంది? ఎనేబుల్ లేచింది. క్యూ 0 కాబట్టి డి 1, వెంటనే క్యూ 1 అయింది. ఎనేబుల్ ఇంకా హైలోనే ఉంది. ఇప్పుడు డి 0, క్యూ మళ్లీ 0. ఒక్కో మార్పుకు 25 నానోసెకన్లు పడుతుందని అనుకుందాం. 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగంలో హై భాగం 500 మైక్రోసెకన్లు. అంటే ఒక్క పల్స్‌లో ఇరవై వేల సార్లు తిరగబడొచ్చు. కొన్నిసార్లు అంత ఊగులాట కూడా ఉండదు, వోల్టేజి హైకీ లోకీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. ఎలా అయినా ఎనేబుల్ దిగిన క్షణంలో దొరికేది లాటరీ అంకె. ఎనేబుల్‌ను చేత్తో నొక్కి చూస్తే, నొక్కినంతసేపూ ఎల్‌ఈడీ సగం వెలుగుతో ఉంటుంది. వదిలాక ఒకసారి వెలిగి ఉంటుంది, ఒకసారి ఆరి ఉంటుంది. ఈ గుర్తు కనబడితే ఫ్లిప్-ఫ్లాప్ ఉండాల్సిన చోట లాచ్ దూరిందని తేల్చుకోవచ్చు.

పల్స్‌ను బాగా సన్నగా చేస్తే ఒక్కసారే తిరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ 25 నానోసెకన్ల చుట్టుకు సరిపడేంత వెడల్పుగానూ, రెండో చుట్టుకు చాలనంత సన్నగానూ పల్స్ చేసి, వేసవిలోనూ చలికాలంలోనూ, ఈ కంపెనీ చిప్‌కూ ఆ కంపెనీ చిప్‌కూ అదే కొలత నిలుస్తుందని నమ్మడం ఇంజినీరింగ్ కాదు. దీనికి మొదట దొరికిన మంచి జవాబు మాస్టర్-స్లేవ్. రెండు లాచ్‌లను ఒకదాని వెనక ఒకటి పెట్టి, వాటికి ఎదురెదురు ఎనేబుల్ ఇస్తారు. గోదావరి కాలువల మీది లాకుల్లో పడవ దాటే పద్ధతి ఇదే. ముందు తలుపు తెరిస్తే వెనక తలుపు మూసే ఉంటుంది, వెనకది తెరిచేసరికి ముందుది మూసుకుంటుంది. రెండూ ఒకేసారి తెరవరు కాబట్టి ఒక విడతలో పడవ ఒక్క మెట్టే దాటుతుంది.

7474 చేసిన వాళ్లు ఈ దారిన కూడా పోలేదు. వాళ్ల దారిలో ఒక్కో ఫ్లిప్-ఫ్లాప్‌కు ఆరు నాండ్ గేట్లు చాలు. ప్రీసెట్, క్లియర్ తీగలు పక్కన పెడితే లోపలున్నది ఇంతే:

```
G1 = NAND(G4, G2)
G2 = NAND(G1, CLK)
G3 = NAND(G2, CLK, G4)
G4 = NAND(G3, D)
Q  = NAND(G2, QN)
QN = NAND(G3, Q)
```

చివరి రెండు గేట్లు పాత లాచ్ జంటే. దానికి రెండో గేటు ‘1 అవ్వు’ అని చెబుతుంది, మూడో గేటు ‘0 అవ్వు’ అని చెబుతుంది. రెండూ 0 ద్వారానే ఆజ్ఞ ఇస్తాయి, 1లో ఉంటే నోరు మూసుకున్నట్టు. క్లాక్ లోలో ఉన్నప్పుడు ఆ రెండూ తప్పనిసరిగా 1, కాబట్టి క్యూ కదలదు. ఆ సమయంలో ఒకటో గేటూ నాలుగో గేటూ ఊరికే కూర్చోవు. నాలుగోది డి విలోమాన్ని, ఒకటోది డి నే, ఎప్పటికప్పుడు సిద్ధం చేసి పెట్టుకుంటాయి. డి ఎన్నిసార్లు మారినా వాటిలోనే మారుతుంది, బయటికి పొక్కదు.

ఇప్పుడు క్లాక్ లేచింది. డి 1 అనుకుందాం. ఒకటో గేటు 1, నాలుగోది 0. కాబట్టి రెండో గేటు 0కి పడుతుంది, క్యూ 1 అవుతుంది. ఇంతవరకు మామూలే. అందం ఆ తర్వాతి క్షణంలో ఉంది. క్లాక్ ఇంకా హైలోనే ఉండగా డి 0కి పడిపోయిందనుకోండి. నాలుగో గేటు 1 అవుతుంది. ఆ మార్పు ఒకటో గేటు దగ్గరికి వెళ్తే, రెండో గేటు నుంచి వస్తున్న 0 అక్కడ అడ్డంగా కూర్చుని ఉంది, ఒకటో గేటు 1గానే ఉంటుంది. మూడో గేటు దగ్గరికి వెళ్తే, అక్కడా రెండో గేటు 0 ముందే చేరి ఉంది. అంటే ఆజ్ఞ ఇచ్చిన గేటే ఆ ఆజ్ఞతోనే వెనక దారులు రెండూ మూసేసింది. తలుపు మూయడానికి వేరే గడియారం లేదు, సన్నటి పల్స్ లేదు. తీసుకున్న నిర్ణయమే తలుపు అయింది.

డి 0గా ఉండగా క్లాక్ లేస్తే ఇదే కథ ఇంకోవైపు నుంచి నడుస్తుంది. అప్పుడు పడేది మూడో గేటు. దాని 0 తిరిగి నాలుగో గేటుకు వెళ్లి, ఇక డి ఏం చేసినా నాలుగోది 1గానే ఉండేలా కట్టేస్తుంది. ఇక్కడ ఒక్క అడ్డే చాలు, ఎందుకంటే డి లోపలికి రావాలంటే నాలుగో గేటు తప్ప వేరే దారి లేదు.

ఈ మొత్తంలో నాకు ముచ్చటేసేది రెండో గేటు నుంచి మూడో గేటుకు పోయే ఒక్క తీగ. బొమ్మ గీసేటప్పుడు విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేదీ అదే, ఎందుకంటే అది లేకపోయినా మొదటి చూపుకు అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది. తీసేసి చూడండి. డి 1తో క్లాక్ లేచింది, రెండో గేటు 0. క్లాక్ హైలో ఉండగానే డి 0 అయితే నాలుగోది 1, ఆపేవాళ్లు లేక మూడో గేటు కూడా 0. ఇప్పుడు ‘1 అవ్వు’, ‘0 అవ్వు’ అనే ఆజ్ఞలు రెండూ ఒకేసారి వస్తాయి. క్యూ, దాని విలోమం రెండూ 1 చూపిస్తాయి. క్లాక్ దిగగానే రెండు ఆజ్ఞలూ ఒక్కసారే ఆగిపోతాయి, ఆఖరి జంట ఎటు ఒరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆరు గేట్ల పొందికలో ఒక్క తీగ తేడా, ఫ్లిప్-ఫ్లాప్ కాస్తా బొమ్మా బొరుసూ అయిపోతుంది.

డేటాషీట్‌లో అయోమయంగా కనిపించే రెండు అంకెలకు అర్థం కూడా ఈ దారిలోనే ఉంది. ఎల్‌ఎస్ రకం 7474లో డి విలువ క్లాక్ లేవడానికి 20 నానోసెకన్ల ముందే స్థిరపడాలి, లేచాక మరో 5 నానోసెకన్లు కదలకూడదు. మొదటిది సెటప్ సమయం: డి లో మార్పు నాలుగో గేటూ ఒకటో గేటూ దాటి సిద్ధం కావడానికి పట్టే వ్యవధి. రెండోది హోల్డ్ సమయం: రెండో గేటో మూడో గేటో పడి తలుపు మూయడానికి పట్టే వ్యవధి. ఈ కిటికీలో డి మారితే క్యూ కాసేపు అటూ ఇటూ కాని వోల్టేజిలో తచ్చాడొచ్చు. దాన్నే మెటాస్టబిలిటీ అంటారు.

ఇలాంటి ఫ్లిప్-ఫ్లాప్ చేతిలో ఉంటే కౌంటర్ డిజైన్ ఒక లెక్కల పనిగా మారిపోతుంది. అంచు దగ్గర తప్ప ఏదీ కదలదు కాబట్టి, రెండు అంచుల మధ్య ఎంత గజిబిజి జరిగినా పట్టించుకోనక్కర్లేదు. అడగవలసింది ఒక్కటే ప్రశ్న: ఇప్పుడు ఈ స్థితిలో ఉంటే, తర్వాతి అంచుకు ఏ స్థితిలో ఉండాలి? ఆ జవాబుల జాబితాయే స్టేట్ టేబుల్.

డిజిటల్ గడియారంలో సెకన్ల పదుల అంకెను తీసుకుందాం. అది 0 నుంచి 5 దాకా వెళ్లి మళ్లీ 0కి రావాలి. ఆరు స్థితులకు మూడు ఫ్లిప్-ఫ్లాప్‌లు కావాలి, మూడు ఇస్తే ఎనిమిది స్థితులు వస్తాయి. 6, 7 మిగిలిపోతాయి.

```
ప్రస్తుత      తర్వాతి
Q2 Q1 Q0     D2 D1 D0
0  0  0      0  0  1
0  0  1      0  1  0
0  1  0      0  1  1
0  1  1      1  0  0
1  0  0      1  0  1
1  0  1      0  0  0
1  1  0      X  X  X
1  1  1      X  X  X
```

డి ఫ్లిప్-ఫ్లాప్‌లు వాడితే వచ్చే సుఖం ఇక్కడ తెలుస్తుంది. తర్వాతి స్థితి ఏమిటో అదే డి దగ్గర పెట్టాలి, మధ్యలో ఇంకో పట్టిక అక్కర్లేదు. జేకే వాడితే 0 నుంచి 1కి వెళ్లడానికి జే, కే ఎంత ఉండాలో చూసే ఎక్సైటేషన్ టేబుల్ ఒకటి కావాలి. పని పెరుగుతుంది, బదులుగా గేట్లు తగ్గొచ్చు. పాత పుస్తకాలు జేకే వైపు మొగ్గడానికి కారణం గేట్ల పొదుపే.

ఇక ఒక్కో నిలువు వరుసనూ విడిగా చదవాలి. చివరి బిట్ ప్రతిసారీ తిరగబడుతుంది, దానికి గేటే అక్కర్లేదు. మధ్య బిట్ తర్వాత 1 కావలసింది 1, 2 స్థితుల్లో మాత్రమే. పెద్ద బిట్ 1 కావలసింది 3, 4 స్థితుల్లో. వీటిని బెల్ ల్యాబ్స్‌కు చెందిన మారిస్ కార్నో 1953లో ప్రచురించిన మ్యాప్‌లో వేసుకుంటే, 6, 7 గడుల్లోని ఎక్స్‌లు చేయి అందిస్తాయి. 3 పక్కన 7, 4 పక్కన 6, 2 పక్కన 6 ఉన్నాయి. 1కి మాత్రం జోడీ దొరకదు, మూడు బిట్లూ రాయాల్సిందే.

```
D0 = Q0'
D1 = Q2'·Q1'·Q0 + Q1·Q0'
D2 = Q1·Q0 + Q2·Q0'
```

చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. నిజానికి అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. ఎక్స్ అంటే ‘ఏదైనా ఫరవాలేదు’ అని మనం రాసుకున్న మాట. హార్డ్‌వేర్‌కు ‘ఏదైనా’ అనేది లేదు. మనం చుట్టిన ప్రతి ఎక్స్ 1 అయింది, వదిలేసిన ప్రతి ఎక్స్ 0 అయింది. కరెంటు ఇవ్వగానే ఫ్లిప్-ఫ్లాప్‌లు ఏ స్థితిలోనైనా లేవొచ్చు, పదుల స్థానంలో 6 కనిపించే అవకాశం ఉంది. కాబట్టి 110ని సమీకరణాల్లో పెట్టి చూడాలి: డి2 1, డి1 1, డి0 1. అంటే 6 నుంచి 7కి వెళ్తుంది. 111ని పెడితే 1, 0, 0. అంటే 7 నుంచి 4కి వస్తుంది. 4 నుంచి 5, ఆపైన 0. దారి తప్పి లేచినా రెండు అడుగుల్లో గాడిన పడుతుంది. ఇది మన అదృష్టం, సమీకరణాలు రాసేటప్పుడు ఇలా జరగాలని మనం చూసుకోలేదు.

అదృష్టం లేకపోతే ఎలా ఉంటుందో చూపే కౌంటర్ ఒకటుంది. అదే ఆరు స్థితుల పనికి వరసను కాస్త మార్చి, మూడు ఫ్లిప్-ఫ్లాప్‌లను గొలుసుగా కలిపి, చివరిదాని విలోమాన్ని మొదటిదానికి ఇవ్వండి. జాన్సన్ కౌంటర్ అంటారు. 000, 100, 110, 111, 011, 001, మళ్లీ 000. ఒక్క గేటు లేదు. ప్రతి అడుగులో ఒక్క బిట్టే మారుతుంది, ఏ స్థితినైనా రెండు ఇన్‌పుట్ల గేటుతో గుర్తుపట్టొచ్చు. ఇంత పొదుపైన డిజైన్ ఇంకోటి చూపించడం కష్టం. మిగిలిన రెండు స్థితులు 010, 101. 010 నుంచి తర్వాతిది 101. 101 నుంచి తర్వాతిది 010. ఒకసారి అందులో పడితే కరెంటు తీసేదాకా బయటికి రాదు. ఆరు ఎల్‌ఈడీలు వరసగా పరుగెత్తాల్సిన చోట, ఒకటి విడిచి ఒకటి మూడు వెలుగుతాయి, తర్వాతి పల్స్‌కు మిగతా మూడు వెలుగుతాయి. చూసినవాళ్లు షార్ట్ అయిందనుకుని వైరింగ్ అంతా విప్పుతారు. వైరింగ్‌లో తప్పేమీ ఉండదు.

మందు స్టేట్ టేబుల్‌లోనే ఉంది. 010 వరుసలో తర్వాతి స్థితిగా 101కి బదులు 100 అని రాసుకుంటే చాలు. అప్పుడు మూడో ఫ్లిప్-ఫ్లాప్ ఇన్‌పుట్ ఇలా మారుతుంది:

```
C+ = B·(A + C)
```

మామూలు ఆరు స్థితుల్లో మధ్య బిట్ 1గా ఉన్నప్పుడు పక్కవాటిలో కనీసం ఒకటి 1 ఉంటుంది, అందుకే అక్కడ ఏమీ మారదు. 010లో మాత్రం రెండు పక్కలా 0, అక్కడే గొలుసు తెగుతుంది. రన్నింగ్ లైట్ల బోర్డుల్లో 555 పక్కన కనిపించే 4017 లోపల ఉన్నది ఐదు మెట్ల జాన్సన్ కౌంటరే. దాని డేటాషీట్‌లో యాంటీ-లాక్ గేటింగ్ అనే మాట ఇలాంటి జాగ్రత్త గురించే. లైట్లు తిరుగుతుంటే అందులో ఆ గేటు ఉందని ఎవరికీ తోచదు.

మన గడియారపు అంకెకు మళ్లీ వద్దాం. ఇదే 0 నుంచి 5 లెక్కను మూడు ఫ్లిప్-ఫ్లాప్‌ల రిపుల్ కౌంటర్‌తో, 6 రాగానే క్లియర్ చేసే ఒక గేటుతో కూడా చేయొచ్చు. భాగాలు తక్కువ. కానీ అక్కడ 6 నిజంగా వస్తుంది, వచ్చాకే చెరిగిపోతుంది. ఆ పదుల నానోసెకన్ల 6 కంటికి కనిపించదు కానీ, పక్కన ఇంకో ఫ్లిప్-ఫ్లాప్ క్లాక్‌కు ఆ తీగ కలిపి ఉంటే అది దాన్ని లెక్క పెట్టేస్తుంది. పైగా క్లియర్ పల్స్ తన పుట్టుకకు కారణమైన 6ను తానే చెరుపుకుంటుంది కాబట్టి, ఒక ఫ్లిప్-ఫ్లాప్ తొందరగా చెరిగితే రెండోది చెరిగేలోపే పల్స్ ఆగిపోవచ్చు. మన డిజైన్‌లో 5 తర్వాత నేరుగా 0. లెక్క మొదలయ్యాక 6 ఎప్పుడూ పుట్టదు.

చిప్‌లు పేర్చడంలోనూ కాస్త ముచ్చట ఉంది. రెండు సమీకరణాలనూ నాండ్ రూపంలో రాస్తే ఆరు గేట్లు కావాలి: మూడు ఇన్‌పుట్లది ఒకటి, రెండు ఇన్‌పుట్లవి ఐదు. రెండు ఇన్‌పుట్ల 7400లో ఉండేవి నాలుగే, ఐదో గేటు కోసం ఇంకో 7400 తీయాలనిపిస్తుంది. ఆగండి. మూడు ఇన్‌పుట్ల 7410లో గేట్లు మూడున్నాయి, మనం వాడింది ఒకటే. మిగతా రెండింటిలో మూడో కాలును పక్క కాలుకు కలిపేస్తే రెండు ఇన్‌పుట్ల గేట్లయిపోతాయి. ఒక 7410, ఒక 7400, రెండు 7474లు. నాలుగు చిప్‌లతో పని అయిపోయింది. వేగం లెక్క కూడా చూసుకోవచ్చు. ఎల్‌ఎస్ రకంలో క్లాక్ నుంచి క్యూ మారడానికి గరిష్ఠంగా 40 నానోసెకన్లు, దారిలో రెండు గేట్లకు 15 చొప్పున 30, సెటప్‌కు 20. మొత్తం 90. అంటే 11 మెగాహెర్ట్జ్ వరకు భయం లేదు. గడియారానికి అది ఎంతో ఎక్కువ, కానీ ఏ డిజైన్‌కైనా హద్దు కట్టే పద్ధతి ఇదే: అన్నిటికన్నా పొడవైన దారిని కూడాలి.

బోర్డు మీద పెట్టి చేతి స్విచ్‌తో పల్స్ ఇస్తే మాత్రం కౌంటర్ 0 నుంచి ఒక్కసారే 3కో 4కో దూకుతుంది. ఇందులో డిజైన్ తప్పు లేదు. స్విచ్‌లోని రేకులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తగిలి ఎగిరి మళ్లీ తగులుతాయి, అంచులను పట్టుకోవడంలో ఆరితేరిన ఫ్లిప్-ఫ్లాప్ ప్రతి అంచునూ నమ్మేస్తుంది. ఇక్కడ కావలసింది మనం కౌంటర్ నుంచి వెళ్లగొట్టిన లాచే. రెండు వైపులా తగిలే స్విచ్ తీసుకుంటే, రేకు ఒకవైపు మొదటిసారి తగలగానే లాచ్ ఆ వైపుకు ఒరుగుతుంది. తర్వాత ఎన్నిసార్లు ఎగిరినా, రెండో వైపు తగిలేదాకా కదలదు. దానికోసం కొత్త చిప్ కూడా అక్కర్లేదు. మూడు ఫ్లిప్-ఫ్లాప్‌లు వాడాం కాబట్టి రెండో 7474లో ఒకటి ఖాళీగా ఉంది. దాని డి నీ క్లాక్‌నూ గ్రౌండ్‌కు కలిపి, ప్రీసెట్, క్లియర్ కాళ్లకు చెరో 4.7 కిలోఓమ్ రెసిస్టర్ పైకి కట్టి, వాటిని స్విచ్ రెండు కొసలకూ ఇచ్చి, స్విచ్ మధ్య కాలును గ్రౌండ్ చేయండి. క్లాక్ లోలోనే ఉండిపోతుంది కాబట్టి మొదటి నాలుగు గేట్లకు పని లేదు. మిగిలింది ఆఖరి జంట, అదొక లాచ్. దాని క్యూను మిగతా మూడింటి క్లాక్‌కు ఇస్తే ఒక నొక్కుకు ఒక్క అంకే కదులుతుంది.